పెరిగిన లాభాన్ని ఎవరూ అడగరు

ఇన్‌స్పెక్టర్ ఐదింటికి వస్తానన్నాడు. గోడ గడియారంలో మూడూ పది అయింది.

రంగుల హోల్‌సేల్ కొట్టు వెనక గదిలో నలుగురున్నారు. బల్ల వెనక యజమాని, ఆయన పక్కనే కుర్చీ కొద్దిగా వెనక్కి వాల్చి కూర్చున్న అల్లుడు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డవాడు గోడౌన్ చూసుకునే పెద్దాయన. పంతొమ్మిదేళ్లుగా తాళాలగుత్తి నడుముకే ఉంటుంది కాబట్టి ఆయన్ని అందరూ తాళాల బాబాయ్ అంటారు. ఈరోజు ఆ గుత్తి బల్ల మీద, యజమాని చేతికి అందేంత దూరంలో పడి ఉంది. దాని పక్కనే టైపు చేసిన ఫిర్యాదు. అందులో బాబాయ్ పేరు ఉంది, సంతకం ఇంకా పడలేదు.

నాలుగో మనిషి లెక్కలు రాసే అమ్మాయి. కొట్లో ఆమెకున్న పేరు పద్దులమ్మ.

"మన మార్జిన్ ఎప్పుడూ ఇరవై శాతం. యాభై లక్షలు అమ్మితే పది లక్షలు మిగలాలి. పోయిన నెల ఐదే మిగిలింది. మిగతా ఐదు లక్షల సరుకుకు రెక్కలొచ్చాయా?" అన్నాడు యజమాని.

"రెక్కలు రావు మావయ్యా, తాళాలు వస్తాయి. గోడౌన్ తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు అల్లుడు.

బాబాయ్ ఎవరి వైపూ చూడలేదు. "నేను తియ్యలేదయ్యా" అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

ఐదు లక్షలు తగ్గాయని లెక్క తేల్చింది పద్దులమ్మే. కాగితం మీద ఆ అంకె వేసినప్పుడు అది ఒక మనిషి మెడకు చుట్టుకుంటుందని ఊహించలేదు.

"సార్, ఐదు దాకా టైముందిగా. ఒక్కసారి వెనక నెలలు కూడా చూస్తాను."

"చూసి?"

"ఒక్క నెల చూసి దొంగ అనేశాం. పన్నెండు నెలలూ వరసగా పెట్టలేదు."

"పెట్టు. నీ సరదా ఎందుకు కాదనాలి?" అన్నాడు అల్లుడు, చేతి గడియారం చూసుకుంటూ. బంగారు పట్టీ ఉన్న ఆ గడియారం కొత్తది.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. నెల మొదట్లో ఉన్న సరుకు, ఆ నెల కొన్నది, నెలాఖరున లెక్కపెట్టిన సరుకు. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు వస్తుంది. అమ్మకాల్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది మార్జిన్. ఒక్కో నెలా కిందికి దించుకుంటూ వచ్చింది. ఇరవై. ఇరవై. పంతొమ్మిదిన్నర. ఇరవై. చివరి రెండు గడుల దగ్గర వేలు ఆగిపోయింది.

ఇరవై ఆరు. పది.

"సార్, అంతకు ముందు నెల మార్జిన్ ఇరవై ఆరు. పదమూడు లక్షలు మిగిలాయి. రావలసినదానికన్నా మూడు ఎక్కువ. అప్పుడు ఎవరూ అడగలేదే?"

"లాభం పెరిగితే అడగడమేంటి?" యజమాని నవ్వబోయి ఆగాడు. ఆ నెల లెక్క చూసి, కౌంటర్ బాగా నడుపుతున్నాడని అల్లుడికి గడియారం కొన్నది ఆయనే.

"ఊరికే పెరగదు సార్. అవే రేట్లు, అదే సరుకు. నెలాఖరు లెక్కలో సరుకుండి, దాని కొనుగోలు బిల్లు పుస్తకంలో లేకపోతే పెరుగుతుంది. ఊరికే వచ్చిన సరుకైపోతుంది కదా. ఆ బిల్లు తర్వాతి నెలలో ఎక్కితే అప్పుడు అంతే పడిపోతుంది."

"బిల్లులన్నీ నువ్వే ఎక్కిస్తావుగా?" అన్నాడు అల్లుడు.

"మీ మావగారి సంతకం పడ్డాకే ఎక్కిస్తాను."

ఈ కొట్లో నియమం అది. సరుకు దిగుతుంది, గోడౌన్‌లోకి వెళ్తుంది. బిల్లు మాత్రం యజమాని సొరుగులోకి వెళ్తుంది. రేటు ఆయన స్వయంగా సరిచూసి సంతకం పెట్టేదాకా పద్దు పడకూడదు. అది రెండు రోజులు కావచ్చు, వారం కావచ్చు.

"బాబాయ్, నీ రాకల పుస్తకం ఎక్కడ?"

బాబాయ్ చంకలోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీశాడు. ఆమె పేజీలు తిప్పింది. అంతకు ముందు నెల ఆఖరి రోజు, ఉదయం పదకొండు గంటలు: లారీ, ప్రైమర్, పుట్టీ. సాయంత్రం నెలాఖరు లెక్కలో ఆ డబ్బాలను ఆమే బాబాయ్‌తో కలిసి లెక్కపెట్టింది. కంప్యూటర్లో అదే బిల్లు వెతికింది. తర్వాతి నెల నాలుగో తేదీన ఎక్కింది. సరిగ్గా మూడు లక్షలు.

"తప్పు నాది కూడా సార్. మీరు చేతికిచ్చిన తేదీకే పద్దు వేశాను. సరుకు దిగిన తేదీ చూడాల్సింది."

"వాడి పుస్తకంలో వాడు ఏదైనా రాసుకుంటాడు" అన్నాడు అల్లుడు.

"లారీవాళ్ల రసీదు కూడా ఉంది బాబూ. దాని మీద ముద్ర నాది కాదు" అన్నాడు బాబాయ్. పుస్తకం వెనక అట్టలోంచి దాన్ని తీసి ఇచ్చాడు.

రసీదు మీద కూడా అదే తేదీ ఉంది. యజమాని దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గడియారం నాలుగు కొట్టింది.

అప్పుడు అల్లుడు కుర్చీ ముందుకు జరిపాడు. ముఖం నిండా నవ్వు.

"అయితే ఇంకేం మావయ్యా! దొంగా లేడు, దొంగతనమూ లేదు. బిల్లు అటూ ఇటూ అయింది, అంతే. పాపం పెద్దమనిషిని అనవసరంగా నిలబెట్టాం. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను."

ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. పద్దులమ్మ ఆ చేతిని చూసింది. పొద్దున ఇన్‌స్పెక్టర్‌ని పిలిచిందీ ఆ చెయ్యే. ఇంత తొందరగా ఇంత జాలి ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

ఆమె మనసులో ఒక తీసివేత జరిగింది. తగ్గింది ఐదు. బిల్లు వల్ల తగ్గింది మూడు.

ఇంకా రెండున్నాయి.

చెబితే వేలు మళ్లీ బాబాయ్ మీదికే తిరుగుతుంది. చెప్పకపోతే ఆయన ఈ పూటకు ఇంటికి వెళ్లిపోతాడు. నోరు తెరిచి మూసుకుంది. బాబాయ్ అది గమనించాడు.

"ఏంటి తల్లీ, ఇంకా ఉందా?"

ఆమె తల వంచుకుంది.

"ఉంటే చెప్పెయ్యి. రేపు ఇంకెవరో చెబుతారు, మళ్లీ ఇక్కడే నిలబడాలి. సగం దొంగ కాదు అనిపించుకుని ఇంటికెళ్లి ఏం చేసుకోను?"

"ఇంకా రెండు లక్షలు తేలలేదు సార్" అందామె.

"కారిపోయేవి ఉంటాయి, ఎండిపోయేవి ఉంటాయి. రంగుల వ్యాపారంలో మామూలే కదా మావయ్యా" అన్నాడు అల్లుడు.

"పదకొండు నెలలు కారనివి పోయిన నెలే కారాయా?" ఆ ప్రశ్న యజమాని నుంచి వచ్చింది. ఆయన గొంతు మారింది. "ఫోన్ కింద పెట్టు. నువ్వు చూడమ్మా."

నాలుగున్నరకు ఆమె పోయిన నెలను రకాలవారీగా విడదీసింది. మూడు లక్షల బిల్లును దాని నెలకు పంపేశాక ప్రైమర్ సరిపోయింది. పుట్టీ సరిపోయింది. బ్రష్షులు, లోపలి గోడల రంగులు సరిపోయాయి. లోటంతా ఒక్కచోటే ఉంది. బయటి గోడల రంగు, ఇరవై లీటర్ల బకెట్. కొన్న ధర నాలుగు వేలు. రెండు లక్షలంటే యాభై బకెట్లు.

"యాభై బకెట్లు నడుముకు చుట్టుకుని పోలేరు సార్. బండి కావాలి. బాబాయ్, బండి బయటికి వెళ్లాలంటే ఏం కావాలి?"

"బిల్లైనా ఉండాలి, కౌంటర్ నుంచి చేతి చీటీ అయినా ఉండాలి. పెద్ద మేస్త్రీలకు ముందు చీటీ మీద సరుకిస్తాం, బిల్లు తర్వాత కొడతారు."

"సరుకు వెళ్లాక చీటీలు ఏం చేస్తావ్?"

"చువ్వకు గుచ్చుతాను."

అల్లుడు తల తిప్పి చూశాడు. "అవన్నీ ఇంకా ఉంచావా?"

"పారేయమని ఎవరూ చెప్పలేదుగా బాబూ."

పద్దులమ్మ గోడౌన్‌లోకి దాదాపు పరిగెత్తింది. వెనకే యజమాని వచ్చాడు. తలుపు పక్కన ఇనుప చువ్వకు మూరెడు ఎత్తున చీటీలు ఉన్నాయి. మామూలుగా అయితే ఏం వెతకాలో తెలియక ఎవరూ ముట్టుకోరు. ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్క నెల, ఒక్క రకం. పదకొండు చీటీలు తేలాయి. ఒక్కోదాని అంకె చదువుతుంటే యజమాని బిల్లుల జాబితాలో టిక్కు పెడుతున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది.

పదకొండో దానికి టిక్కు పడలేదు.

ఇరవై రెండో తేదీ. యాభై బకెట్లు. ఒక మేస్త్రీ పేరు. కింద సంతకం.

యజమానికి ఆ సంతకం బాగా తెలుసు. పెళ్లి రిజిస్టర్లో తన కూతురి సంతకం పక్కన చూశాడు.

గదిలోకి తిరిగి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మేస్త్రీకి ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టాడు.

"నమస్కారం సార్! నేనే చేద్దామనుకుంటున్నా" అంది అవతలి గొంతు. "మీ అల్లుడుగారికి రెండున్నర లక్షలు చేతికిచ్చి నెల దాటింది. బిల్లు అడిగితే రేపు, ఎల్లుండి అంటున్నారు. ఇల్లు కట్టించుకునేవాడు నా ప్రాణం తోడేస్తున్నాడు సార్."

"పంపిస్తాను" అని ఫోన్ పెట్టేశాడు యజమాని.

అల్లుడు లేచి నిలబడ్డాడు. "మావయ్యా, నేను తర్వాత సర్దుదామనే..."

"అందుకేనా ఇన్‌స్పెక్టర్‌ని పిలిచావు? నువ్వు సర్దేలోగా ఈయన జైల్లో ఉంటాడనా?"

బయట మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడైంది. బూట్ల అడుగులు కొట్టు దాటుకుంటూ దగ్గరికి వచ్చాయి.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి అందరి ముఖాలూ చూశాడు. బల్ల మీది కాగితం చూశాడు. "ఫిర్యాదు రెడీయేనా? మనిషి ఎవరు?"

యజమాని ఫిర్యాదును నాలుగు ముక్కలు చేశాడు. తాళాలగుత్తి తీసుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి బాబాయ్ దగ్గరికి వెళ్లాడు.

"ఈయన పేరు మీద ఫిర్యాదు లేదు. ఈయన లెక్క సరిపోయింది. తప్పు నా సొరుగులో ఉంది, నా ఇంట్లో ఉంది. ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి, రెండోది రాసిస్తాను."

అల్లుడు ఒక అడుగు ముందుకు వేశాడు. "మావయ్యా, మీ అమ్మాయి ముఖం చూసైనా..."

"దాని ముఖం రాత్రికి నేనే చూడాలి. నువ్వు ముందు ఆ గడియారం తియ్యి."

బాబాయ్ తాళాలకు చెయ్యి చాపలేదు. పద్దులమ్మ వైపు తిరిగాడు.

"ముందు ఆ చీటీకి బిల్లు కొట్టు తల్లీ. లెక్క మూసాకే తీసుకుంటాను."

ఆమె కూర్చుంది. యాభై బకెట్లు, రెండున్నర లక్షలు. పోయిన నెల అమ్మకం యాభై రెండున్నర లక్షలైంది. ఆ మూడు లక్షల బిల్లు తీసేశాక సరుకు ఖరీదు నలభై రెండు. మీట నొక్కి తెరను బాబాయ్ వైపు తిప్పింది.

బాబాయ్ కళ్లు చిట్లించి చదివాడు. "ఇరవై" అన్నాడు. అప్పుడు చెయ్యి చాపాడు.