జర్మనీ నుంచి వచ్చిన పళ్ళచక్రం

ఇప్పుడు ఆ చక్కెర మిల్లు లేదు. అయినా చెరుకు బండి ఎదురైతే లక్ష్మీరాజానికి తొంభై ఆరు నాటి కార్తీకమే గుర్తొస్తుంది.

అప్పుడాయన రుద్రూర్ దగ్గరి ఆ మిల్లులో స్టోర్స్ గుమాస్తా. గానుగ తిప్పే పెద్ద పళ్ళచక్రం విరిగితే కొత్తది జర్మనీలో చేయించారు. సెప్టెంబరు ఇరవై అయిదున అది కంటైనర్‌లో అక్కడి ఫ్యాక్టరీ దాటింది. ఓడ ప్రయాణం ఇరవై నాలుగు రోజులు, బొంబాయి రేవు నుంచి లారీకి మూడు రోజులు అని మేనేజర్ రామస్వామి లెక్క కట్టి, నవంబరు ఒకటిన గానుగ ఆడాలన్నాడు. రైతులకు కోత ఆర్డర్లు ఇవ్వమన్నాడు.

లక్ష్మీరాజం అంతకుముందు వచ్చిన రెండు కంటైనర్ల తేదీలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి రేవుకు చేరి ఓడ దొరికేసరికే ఎనిమిది రోజులు. బొంబాయి వచ్చాక ఓడ లంగరేసి వంతు కోసం అయిదు రోజులు నిలబడుతుంది. కస్టమ్స్‌లో కాగితాలు, తనిఖీ తొమ్మిది రోజులు. అన్నీ కలిపితే నలభై తొమ్మిది. బిగించడానికి మరో వారం. నవంబరు ఇరవై దాటితే గానీ గానుగ తిరగదు. రామస్వామి చాలాసేపు ఆ పేజీలు తిప్పి, ఆర్డర్లు ఆపాడు.

మరుసటి రోజే ఈరవ్వ వచ్చింది. రెండెకరాల చెరుకు ఆమెది. అది కోస్తేనే ఆ మడిలో శనగ పడుతుంది.

"నీ డబ్బా కోసం నా శనగ అదను ఆగుతదా?" అంది.

"ఆగదక్కా. కానీ కోసిన చెరుకు కూడా ఆగదు. గేటు కాడ ఎండితే తూకమంతా పోతది."

ఆమె కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమె అడిగిన మాట ఆయనను పొడుస్తూనే ఉంది. రోజూ బోధన్‌లోని ఎస్టీడీ బూత్ నుంచి బొంబాయిలో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటుకు ఫోన్ చేసేవాడు. ఓడ ఆరు రోజులు బయటే నిలిచింది. తర్వాత బిల్లులో ఉన్న బరువూ పెట్టె మీది బరువూ కలవలేదని కస్టమ్స్ వాళ్ళు డబ్బా తెరిపించారు. ఇంకో రెండు రోజులు పోయాయి.

నవంబరు పదహారున, యాభై రెండో రోజు, ట్రైలర్ ఎడపల్లి దాటింది. లక్ష్మీరాజం, ఫీల్డుమన్ ఆశన్న వెదురు కర్రలతో కరెంటు తీగలు పైకెత్తుతూ ముందు నడిచారు. మిల్లు గేటు దగ్గర ఊరి జనం గుమిగూడారు. ఈరవ్వ కూడా వచ్చి, దుమ్ము పట్టిన ఆ డబ్బా ఇనుప గోడ మీద చెయ్యి వేసి చూసింది.

ఇరవై నాలుగున గానుగ ఆడింది. బెల్లపు వాసన చందూర్ దాకా పోయిందని అందరూ అన్నారు. కోసిన చెరుకు కోసినట్టే గానుగలో పడింది.

ఈరవ్వకు శనగ మాత్రం సగమే పండింది. మాఘంలో ఆ మాట చెప్పడానికే మిల్లుకు వచ్చింది. లక్ష్మీరాజం తలెత్తలేకపోయాడు.

"గట్ల మొగం ఏసుకోకు తమ్మీ. నువ్వు ఉన్నదే చెప్పినవ్," అని, కొంగులోని శనగలు గుప్పెడు ఆయన బల్ల మీద పోసింది.

అవి పచ్చివే. ఒక్కొక్కటే నములుతూ ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాడాయన.