ఇరవై రెండు యాడ పోయింది?

మల్లికార్జునయ్య కొబ్బరికాయ కొట్టనిదే ప్రొద్దుటూరులో ఆ షోరూము కారు గేటు దాటదు. పదకొండేళ్లుగా వాహనపూజలన్నీ ఆయన చేతిమీదే. అలాంటి మనిషి ఆ సోమవారం కాయను పళ్లెంలో తిరిగి పెట్టేసి, కారు తీసుకోవడానికొచ్చిన వాళ్లందరి ముందూ సేల్స్ పిల్ల మైమూన్ వైపు వేలు చూపించాడు.

“లీటరుకు ఇరవై రెండు ఇస్తాదని చెప్పి నాకు బండి అమ్మినావే పాపా! పదమూడు ఇస్తాంది. నువ్వు అమ్మే బండికి నేనింక కాయ కొట్టను.”

మైమూన్‌కు తల కొట్టేసినట్టయింది. నిజమే, చెప్పింది తనే. మేనేజరు పక్కకు పిలిచి, శుక్రవారంలోగా మల్లికార్జునయ్య సామిని ఒప్పించకపోతే సేల్స్ వదిలేసి ఫోన్ల దగ్గర కూర్చోమన్నాడు. ఆ పిల్లకు ఉద్యోగం సంగతి కంటే, నలుగురిలో అబద్ధాలకోరు అనిపించుకున్నదే ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున్నే సామి ఇంటి ముందు వాలింది. కారు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైన క్యారియరు, దాని మీద పందిరికి అరటిచెట్లు. డిక్కీలో హోమానికి ఇటుకలు, ఇసుకమూట. టైర్లలో గాలి ఉండాల్సినంత లేదు.

“గతుకుల్లో మెత్తగా పోతాదని నేనే తగ్గించినా,” అన్నాడు సామి గర్వంగా.

“మెత్తటి టైరు రోడ్డును పట్టుకొని వదలదు సామీ. గాలికి క్యారియరు అడ్డం. మోసేదానికి బరువు. అన్నిటికీ పెట్రోలే కదా పెట్టాల్సింది!”

గాలి కొట్టించింది, క్యారియరు విప్పించింది, ఇటుకలు, ఇసుక, అరటిచెట్లు అన్నీ ఆటోలో ముందే పంపించింది. బంకులో ట్యాంకు నింపించి, నాజిల్ దానంతటది ఆగగానే ఆపించింది. జమ్మలమడుగులో గృహప్రవేశానికి సామివాళ్లతో మైమూన్ కూడా వెళ్లింది. పూజ గంట దాటింది. చెమటలు కక్కుతూ వచ్చి కారెక్కి, చల్లగా తగిలేసరికి “హమ్మయ్య” అనుకుంది. తిరిగొచ్చి అదే బంకులో మళ్లీ నింపిస్తే, నలభై కిలోమీటర్లకు రెండు లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లు పట్టింది. పద్నాలుగు!

“చూసినావా?” అన్నాడు సామి.

మైమూన్ చేయగలిగిందంతా చేసింది. ఇంకేముంది? అప్పుడు తట్టింది. గంటకు పైగా మే ఎండలో నిలబడిన కారు ఎక్కగానే అంత చల్లగా ఎలా ఉంది?

“సామీ, పూజ జరిగినంతసేపూ బండి ఆన్‌లోనే ఉండిందా?”

వెనక సీట్లో దండ కడుతున్న సామి భార్య లక్ష్మీకాంతమ్మ తలెత్తింది. “లేకుంటే ఎట్లా? రెండో పూజకు పూలు వాడిపోవూ? ఆయన లోపల మంత్రాలు చదువుతాంటే, నేను ఈడ ఏసీలో పూలకు కాపలా. ఎప్పుడూ ఇంతే గదా!”

మైమూన్ పకపకా నవ్వేసింది. ప్రాణం లేచొచ్చింది మరి. “అమ్మా, గంటకు అర లీటరు పైనే తాగింది ఆ పూలే! నిలబడిన బండి కిలోమీటరు కూడా నడవదు, పెట్రోలు మాత్రం మానదు.”

గురువారం పులివెందులలో పూజ. ఈసారి పూలు ఐసుడబ్బాలో, లక్ష్మీకాంతమ్మ పెళ్లివారి చలవపందిట్లో, ఇంజను ఆఫ్. దారిలో మాత్రం ఏసీ వేసుకునే పోయారు. రానూపోనూ నూట ముప్పై కిలోమీటర్లకు ఏడు లీటర్లు. పద్దెనిమిదిన్నర.

సామి వేళ్లమీద లెక్కేసుకున్నాడు. “బాగుంది. మిగతా మూడున్నర యాడ పోయింది?”

తప్పించుకునే దారి ఉన్నా మైమూన్ పట్టలేదు. “ఆ మూడున్నర ఈ రోడ్ల మీద దొరకదు సామీ. కంపెనీవాళ్లు బండిని గదిలో రోలర్ల మీద నడిపి చూస్తారు. ఏసీ ఉండదు, ఇంత ఎండ ఉండదు, గేదెలు అడ్డం రావు. ఎంత వేగంతో పోవాలో, యాడ ఆపాలో ముందే రాసిపెట్టి ఉంటాది. అన్ని బండ్లనూ ఒకే తీరుగా పోల్చేదానికి ఆ అంకె. అది అబద్ధం కాదు. కానీ అంకె చెప్పి, షరతులు మింగేసినా చూడు, అది నా తప్పే.”

“నేను ముహూర్తం పెడితే వర్జ్యం ఎప్పుడో కూడా చెప్తా. మంచి గడియ ఒక్కటే చెప్పి పంపను,” అన్నాడు సామి. ఆ మాట మైమూన్‌కు సూటిగా తగిలింది.

శుక్రవారం. పులివెందుల చీనీబత్తాయి తోటల రైతు నారాయణ కొత్త కారుకు బొట్టు పెట్టారు. సామి కాయ ఎత్తి ఆగాడు. “పాపా, చెప్పినావా?”

మేనేజరు వద్దన్నట్టు కళ్లెర్రజేశాడు. మైమూన్ నారాయణకే చెప్పింది. “అన్నా, కంపెనీ లెక్క ఇరవై రెండు. మన ఎండలో, ఏసీ వేసుకొని పోతే పద్దెనిమిది. టౌన్లో తిరిగితే ఇంకా తగ్గుతాది.”

నారాయణ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. “పోయినసారి బండి కొన్నప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదమ్మా. కొట్టు సామీ,” అన్నాడు.

అయినా సామి వెంటనే కొట్టక, తృప్తిగా తలాడిస్తూ, కాయ పట్టుకొని ఇంకో శ్లోకం ఎత్తుకున్నాడు. గేటు దగ్గర ఇంజను ఆపి ఉన్న సామి కారులోంచి, పంచాంగంతో విసురుకుంటూ లక్ష్మీకాంతమ్మ కేకేసింది.

“బిరీన కొట్టండప్పా! మీ మైలేజీ కోసం నేనీడ ఉడికిపోతాండా!”