అచ్చుతప్పుల్లేని నోటీసు

లైబ్రేరియన్‌కి తను తయారుచేసిన పాఠం చూస్తే భలే ముచ్చటేసింది. శనివారం పొద్దున రీడింగు హాల్లో పెద్దవాళ్ళకి క్లాసు. ఫోన్లలోకి వచ్చిపడే మెసేజుల్లో ఏది నమ్మవచ్చో, ఏది నమ్మకూడదో అందులో చెప్పాలి. దాని కోసం దొంగ మెసేజులు తనే రాసింది. ఎర్రటి అక్షరాలు, వరసకట్టిన ఆశ్చర్యార్థకాలు, అడుగడుక్కీ అచ్చుతప్పులు, చివర్లో ‘వెంటనే పదిమందికి పంపండి’ అనే బెదిరింపు. ఇంతకన్నా ఎవరైనా ఏం రాస్తారు?

క్లాసుకి ముందు ఎవరి మీదైనా ప్రయోగించి చూడాలి కదా. ఇంట్లోనే పిన్ని ఉంది. రిటైరైన బస్సు కండక్టరు. సర్వీసంతా టిక్కెట్టు కొనని వాళ్ళ మొహాలు చదివిన మనిషి. క్లాసు ఇంకా పది రోజులుందనగా ఓ సాయంత్రం టీ తాగుతూ స్లైడ్లు ముందు పెడితే, ఆవిడ చెల్లని నోట్లు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరి పారేసింది.

“ఇది దొంగది. ఇదీ దొంగదే. దీన్ని రాసినవాడికి బళ్ళో పంతులు రెండు తగిలించాల్సింది.”

“రాసింది నేనే పిన్నీ.”

“అందుకే అంటున్నా.”

పిన్నికి నూటికి నూరు మార్కులు. పాఠం పనిచేస్తోందని లైబ్రేరియన్ చంకలు గుద్దుకుంది. అక్కడే పప్పులో కాలేసింది పాపం.

శుక్రవారం సాయంత్రం, రేపటి కోసం స్లైడ్లు చివరిసారి చూసుకుంటూ, మాటవరసకి అడిగింది. “బీపీ మాత్ర వేసుకున్నావా?”

“మానేశాగా.”

“మానేయడమేంటి?”

“అందులో ఏదో విషం కలిసిందట. కేన్సరొస్తుందట. ఆపేసి వారం కావస్తోంది,” అంది పిన్ని, ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత తాపీగా.

లైబ్రేరియన్ స్లైడ్లు వదిలేసి ఇటు తిరిగింది. “ఎవరు చెప్పారు?”

పిన్ని ఫోను తెచ్చి చూపించింది. ఒక నోటీసు ఫోటో. పైన మందుల నియంత్రణ ఆఫీసు పేరు, నోటీసు నంబరు. కింద సూటిగా నాలుగు మాటలు: ఫలానా రక్తపోటు మందులో హానికరమైన పదార్థం కనబడింది, వాడకం ఆపించాలి. పక్కన ముద్ర. మందు పిన్ని వేసుకునేదే.

“నేనేం గుడ్డిగా నమ్మలేదమ్మాయ్,” అంది పిన్ని రోషంగా. “నువ్వు చెప్పినట్టే చూశా. ఎర్ర అక్షరాల్లేవు. ఒక్క అచ్చుతప్పు లేదు. పదిమందికి పంపమని లేదు. నీ పరీక్ష పాసైంది.”

లైబ్రేరియన్ ఆ నోటీసు మళ్ళీ చదివింది. ఈ మనిషి వారం కిందటి దాకా ఏ మెసేజునీ ఖాతరు చేసేది కాదు. అబద్ధమంటే మురికి బట్టలేసుకుని వస్తుందని నేర్పింది ఎవరు? తనే. శుభ్రమైన చొక్కా వేసుకొచ్చిన దాన్ని పిన్ని సీటిచ్చి కూర్చోబెట్టింది. రేపు ఇదే పాఠం హాలు నిండా జనానికి చెప్పబోయింది తను! భయంతో పాటు సిగ్గు కూడా ముంచుకొచ్చింది.

‘ఇది అబద్ధం’ అనబోయి ఆగింది. నిజానికి అబద్ధమో కాదో తనకీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆమెను కుర్చీ లాక్కుని కూర్చునేలా చేసింది. “రా పిన్నీ, ఇదెక్కడ పుట్టిందో చూద్దాం.”

ముందు ఆ ఫోటోతోనే వెతికింది. అదే బొమ్మ కుప్పలుగా వచ్చింది.

“చూశావా, ఇంతమంది పెట్టారు!” అంది పిన్ని.

“అందరి ఫోటో చూడు. అదే నీడ, అదే వంకర. ఒకటే ఫోటో చేతులు మారింది. ఇంతమంది మోశారంతే, ఇంతమందికి తెలుసని కాదు.”

పిన్ని కళ్ళజోడు సవరించుకుంది. ఆవిడకీ పట్టుదల పుట్టింది. “అయితే మొదట ఎక్కింది ఏ స్టాపులో?”

లైబ్రేరియన్ మెసేజులన్నీ పక్కన పెట్టి, ఆ ఆఫీసు సొంత వెబ్‌సైటు తెరిచి, పాత నోటీసుల్లో నంబరు కొట్టింది. దొరికింది. నోటీసు నిజమైనదే! ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అయితే అది చాలా ఏళ్ళ కిందటిది. ఫోటోలో తేదీ ఉన్న అంచు లేదు. అడుగు సగమూ లేదు. అసలు కాగితంలో ఆ సగం ఉంది: ఫలానా కంపెనీ చేసిన ఈ నంబర్ల బ్యాచీలకు మాత్రమే వర్తిస్తుంది. ఆ బ్యాచీలు మార్చి ఇవ్వాలి. డాక్టర్ని అడక్కుండా ఎవరూ మందు మానకూడదు.

“హమ్మయ్య,” అంది లైబ్రేరియన్. “నీ మందుకేం కాలేదు. మళ్ళీ మొదలుపెట్టు.”

పిన్ని కదల్లేదు.

“మొన్న నీ మాట నమ్మి మానేశా. ఇవాళ మళ్ళీ నీ మాట నమ్మి మింగమంటావా? జరుగు. నేను చూసుకుంటా.”

ఆ మాట చురుక్కుమని తగిలినా, లైబ్రేరియన్‌కి లోపల ఎక్కడో సంతోషమేసింది. ఈ ప్రశ్న కోసమే కదా ఇన్నాళ్ళూ స్లైడ్లు చేసింది. పక్కకి జరిగింది.

పిన్ని మాత్రల షీటు తెచ్చి దీపం కింద పెట్టింది. కంపెనీ పేరు చదివింది. అదే కంపెనీ! పిన్ని వేలు పెట్టి బ్యాచీ నంబరు చదువుతూ, నోటీసులో ఉన్న వాటితో ఒక్కో అంకె సరిచూసింది. ఏదీ కలవలేదు. అయినా ఊరుకోలేదు. మందుల షాపు బిల్లు మీదున్న నంబరుకే ఫోన్ చేసి, నంబరంతా చదివి వినిపించి, వారంగా మానేసిన సంగతీ చెప్పింది.

“ఆ బ్యాచీలెప్పుడో వెనక్కెళ్ళిపోయాయండీ, మీది వేరు,” అన్నాడు షాపాయన. “కానీ వారం మానేశారంటున్నారు. ముందు డాక్టరుగారికి చూపించుకోండి. మీ అంతట మీరు రెండేసి వేసుకోకండి.”

వీధి చివరి క్లినిక్కులో డాక్టరమ్మ బీపీ చూసింది. పట్టీ విప్పి, మరోసారి కట్టి చూసింది. “ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నా దగ్గరికి మీరు నడిచి వచ్చేవారు కాదు,” అని, ఎప్పటిలాగే రోజుకొకటి వేసుకోమని, సోమవారం మళ్ళీ రమ్మంది. దారంతా లైబ్రేరియన్ పిన్ని చెయ్యి వదల్లేదు.

ఇంటికి రాగానే మొదటి స్లైడు, ‘తప్పులు వెతకండి’ అన్నదాన్ని, తీసిపారేసింది. దాని బదులు ఆ ముక్క నోటీసు, పక్కనే పూర్తి నోటీసు పెట్టింది.

మాత్ర వేసుకున్న పిన్ని మాత్రం ఫోను పట్టుకుని కూర్చుండిపోయింది. “అమ్మాయ్, నేను దాన్ని మా రిటైరైనవాళ్ళ గ్రూపులో పెట్టానే.”

“తీసెయ్.”

“తీసేస్తే చదివినవాళ్ళ బుర్రలోంచి పోతుందా?” పిన్ని తనే టైపు చేసింది: ‘నేను పంపిన మందు నోటీసు పాతది, సగందే. పూర్తిది ఇదిగో. నా మాట నమ్మకండి. మీ షీటు తీసి చూసుకోండి. మీ షాపుకి ఫోన్ చేయండి. డాక్టరు చెప్పకుండా మానకండి.’

టపటపా దండాల బొమ్మలు, పూలు వచ్చాయి. చదివారో లేదో దేవుడికెరుక. పిన్ని గొణుగుతూ పైకీ కిందికీ జరుపుతోంది. అంతలో ఆవిడతో ఒకే డిపోలో పనిచేసిన టిక్కెట్ల కౌంటరావిడ దగ్గర్నుంచి ఒక్క లైను వచ్చింది.

‘అక్కా, నేను కూడా మానేశాను. పంపింది నువ్వు కదా అని చూడలేదు.’

పిన్ని ఆ లైను రెండుసార్లు చదివింది. మెసేజు రాయలేదు. ఫోన్ చేసింది.

“ఒసే, కళ్ళజోడు పెట్టుకో. మాత్రల షీటు చేతిలోకి తీసుకో,” అంది. “ఈసారి నేను చెప్పానని కాదు. నువ్వే చదువు, నేను వింటా.”