చెంబు వంగేదాకా

మా షార్ట్ ఫిల్మ్ పద్దెనిమిది నిమిషాలు. మిరపకాయల తొడిమలు తీసే వదినామరదళ్ళు ఒకే కుప్పకి అటొకరు ఇటొకరు కూర్చుంటారు, మాటల్లేవు. చివర్లో వదిన కళ్ళలో కారం పడుతుంది. మరదలు చెంబెత్తి నీళ్ళు పోస్తూ “వదినా, కళ్ళు తెరువు” అంటుంది. అంతే కథ.

మరదలుగా వేసిన జయకుమారి గారిది నల్లపాడు. నిజంగానే తొడిమలు తీసే మనిషి. నేను రాసింది “కళ్ళు తెరువు” అని మాత్రమే. ముందు “వదినా” చేర్చింది ఆవిడ. ఏం నటన అని మురిసిపోయాను. నా తెలివి అంతవరకే.

ఆదివారం చర్చి హాల్లో సినిమా వేస్తున్నాం. అంతకుముందే ఫోన్లలో వదిలే నిమిషం ట్రైలర్‌ని ఆ మాటతోనే ముగించమని ఎడిటర్ నస్రత్‌కి చెప్పాను. సినిమాలో అంతకన్నా మంచి ముక్క లేదు, దాన్ని మూటగట్టి దాచుకుంటామా అన్నాను. నస్రత్ ఒప్పుకోలేదు. కారం పడటం చూపించాలట, లేకపోతే చూసేవాళ్ళకి ఆత్రం పుట్టదు. చెంబు వంగేచోట ఆపేయాలట, లేకపోతే ఆత్రం తీరిపోతుంది. డైరెక్టర్ని నేనా నువ్వా అని ఎగిరాను. ఆవిడ ఓపిగ్గా నేను చెప్పినట్టే కట్ చేసిపెట్టింది.

మర్నాడు జయకుమారి గారు వస్తే గర్వంగా చూపించాను. ఆవిడ మొహం మాడిపోయింది.

“అది ఫోన్లో ఇనపడకూడదు బాబూ. హెలెనని, మా అన్న భార్య. ఆరేళ్ళయింది మాకు మాటల్లేక. ఆదివారం హాల్లో నా నోటెంట ఇనాలనే ఆ మాటన్నా. ఫోన్లోనే ఇనేస్తే ఇంకెందుకొచ్చిద్ది?”

నస్రత్ ట్రైలర్ మళ్ళీ మొదటినుంచి కట్ చేయడం మొదలుపెట్టింది. రెండు మొహాలు, మధ్యన ఎర్రటి కుప్ప, కారం, కేక, చెంబు మీదికి చెయ్యి. చెంబు వంగబోతుండగా తెర నల్లబడింది. నీళ్ళ చప్పుడన్నా ఉంచమన్నాను. అదీ జవాబేనంటూ తీసేసింది. ఆ నలుపు మీద ఆదివారం సాయంత్రం, చర్చి హాలు అని పడింది.

గురువారం వాట్సాప్‌లో వదిలాం. శుక్రవారానికల్లా హెలెన్ గారు పేటలో కనిపించినవాళ్ళనల్లా నీళ్ళు పోసిందా లేదా అని అడుగుతున్నారని తెలిసింది. ముగింపు తెలిసినవాళ్ళెవరూ నోరు విప్పలేదు. ఆ పుణ్యాత్ములందరికీ నేను రుణపడి ఉన్నాను.

ఆదివారం ఆవిడ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక నేరుగా జయకుమారి గారి దగ్గరికి నడిచారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“చెంబెత్తి మూడ్రోజులయింది. ఇంతసేపా పోసేది, జయా?”

జయకుమారి గారు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను వెనక్కి తిరిగి, అందరి ముందూ నస్రత్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.