తుడిచేసిన మచ్చ

రెండేళ్ల పాపను చంకనేసుకుని శైలజ నాచారం ఫొటో స్టూడియోలోకి దూసుకొచ్చింది. పాప ఫొటోను స్టూడియో నడిపే దయాకర్ ముందు విసిరికొట్టింది.

“ఈ పిల్ల ఎవరన్నా? పాస్‌పోర్ట్ ఆఫీసుల మేడం ఫొటో సూసింది, పాపను సూసింది, వాపస్ ఇచ్చింది. రెండు గంటలలోపు సరైన ఫొటో తేకుంటే మళ్ల తారీఖు నెల తర్వాతేనంట!”

పాప ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. ఫొటోలో లేదు.

“దిష్టిచుక్క అనుకుని తుడిచిన అక్కా,” అని నసిగాడు దయాకర్. “పిల్లలకు అందరు పెట్టుకొస్తరు, నేనే తీసేస్తుంట. మొఖం గూడ జర తెల్లగ జేసిన, ముద్దుగుంటదని.”

“ముద్దు నిన్నెవరడిగిన్రు? ఎనకాల రంగు మార్చమంటే బిడ్డనే మారుస్తవా?”

దయాకర్ కంప్యూటర్లో అసలు ఫొటో తెరిచాడు. జుట్టు కొసలు తెగకుండా పాప అంచుల వెంట గీత గీసి, వెనకున్న నీలం తెరను మాత్రమే తెల్లగా మార్చాడు. మౌస్ బాణం గుర్తు చెంప వైపు జరిగినప్పుడల్లా శైలజ, “చెయ్యి తియ్!” అని కసిరింది.

ప్రింటును పాప ముఖం పక్కన పెట్టి చూసుకుంది. మచ్చ ఉంది, చామనఛాయా ఉంది.

“గిది నా బిడ్డ,” అంది, కోపం దిగకుండానే. బయట ఆటో ఎక్కుతూ అరిచింది, “ఉప్పల్ మెట్రో కాడ దింపు, మళ్ల పాస్‌పోర్ట్ ఆఫీసుకు పోవాలె, జల్ది పోనీయన్నా!”