ఇతరముల గడి

మెట్టుగూడలోని ఆ కార్యాలయంలో దేవిక పని, బీమా కాగితాలను స్కాను చేసి, తెరపై చూసి రకం తేల్చడం. కంప్యూటరులో దరఖాస్తుకు ఒక మూస, బిల్లుకు ఒక మూస, డిశ్చార్జి పత్రానికి ఇంకొక మూస. ఏ మూలనున్న అక్షరాలను ఏ గడిలో నింపాలో మూసకు తెలుసు. తన ఎదుట ఉన్నది ఏమిటో దానికి తెలియదు. ఏ రకానికీ చెందనివి ‘ఇతరములు’ అనే గడిలోకి వెళ్లేవి. మేనేజరు వేణుమాధవ్ ముందురోజే ఆ గడిని తీసేయించాడు.

ఆరోజు కట్టలో సహోద్యోగి సూరి తన పెళ్లికి వేయించిన ఇంగ్లీషు శుభలేఖ కలిసిపోయి, స్కానైపోయింది.

“ఇది దేనికీ చెందదండీ,” అంది దేవిక వేణుమాధవ్‌తో.

“ఏందమ్మా పరేషాన్? జెర దగ్గరున్న రకంల పడెయ్. ఒక్క పేజీ మిగిలినా నీ ఉద్యోగం పర్మినెంట్ గాదు.”

దేవిక డిశ్చార్జి పత్రమని నొక్కింది. మూస తడబడకుండా చదివింది. రోగి: సూరి. చేరిక: ఆదివారం, ఉదయం 10.42. వైద్యుడు: వధువు తండ్రి. చికిత్స: విందు.

మర్నాడు బీమా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. “డిశ్చార్జి తేదీ ఖాళీగా ఉంది. రోగి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారా?”

స్పీకరులో విన్న సూరి కంగారుపడ్డాడు. “ఇంకా చేరలేదండీ! వచ్చే ఆదివారమండీ!”

వేణుమాధవ్ తల పట్టుకున్నాడు. “నువ్వు ముందే చెప్పినవమ్మా. ఇతరములు మళ్ల షురూ చెయ్,” అంటూ పర్మినెంట్ ఉత్తరం దేవికకు ఇచ్చాడు.

అలవాటుగా స్కానరు వైపు సాగిన ఆమె చేయి ఆగింది. ఈ కాగితం ఏ రకమో ఆమె తేల్చుకుంది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.