మేకపిల్ల తిరుగు దారి

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. తయారవుతున్న ఆటని బయటివాళ్ల చేత ఆడించేటప్పుడు, దాన్ని కట్టినవాళ్లు నోటి నిండా నీళ్లు పట్టి కూర్చోవాలి. మింగకూడదు, ఉమ్మకూడదు. ఎందుకంటే తాము కట్టిన ఆటలో ఎవరైనా తప్పుదారి పడుతుంటే చూస్తూ ఊరుకోగల మనిషి ఇంకా పుట్టలేదు. "పైన చూడండి", "అటు కాదండీ" అని నోరు జారితే పరీక్ష గంగలో కలిసినట్టే. రేపు ఆట కొన్నవాడి ఇంట్లో పక్కన కూర్చుని దారి చెప్పేవాళ్లుండరు కదా.

ఈ ఆచారం పెట్టించిన పుణ్యాత్మురాలు మేస్త్రి. ఆమె గోడలు కట్టే మేస్త్రి కాదు, ఆటలో గదులు కట్టే మనిషి. ఏ గది పక్కన ఏ గది ఉండాలో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో అంతా ఆమె చేతిలోనే. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పరీక్షలో పదిహేడు సార్లు నోరు జారింది. ఆ మర్నాడే యజమాని ఆమె బల్ల మీద నీళ్లతో ఒక స్టీలు గ్లాసు పెట్టాడు.

ఇప్పుడు ఆమె కట్టినది మూతపడ్డ ఒక పెద్ద మిల్లు. అందులో దారి తప్పిన మేకపిల్లే కథానాయకుడు. ఈ రకం ఆటల్ని ఆ వృత్తిలో వాళ్లు మెట్రాయిడ్‌వేనియా అంటారు. పేరు నోరు తిరగదు గానీ సంగతి తేలికే. లోకమంతా ఒకటే పెద్ద ఇల్లు, అయితే గదులన్నీ మొదట్లోనే అందవు. అటక కనిపిస్తుంది, ఎక్కలేం. గోడకి పగులు కనిపిస్తుంది, కుమ్మలేం. తిరగ్గా తిరగ్గా ఒక కొత్త విద్య పట్టుబడుతుంది. అప్పుడు ఆ పాత అటక గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తుతాం. తాళం ముందు చూపించి, తాళంచెవి తర్వాత ఇవ్వడంలోనే మజా అంతా ఉందని మేస్త్రి రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఇంటికి వెళ్లదు.

యజమానికి ఆ వెనక్కి పరిగెత్తడం అంటేనే భయం. జనం దారి తప్పుతారు, విసుగొచ్చి ఆట మూసేస్తారు అని ఆయన గోల. అందుకని ఎక్కడికి వెళ్లాలో చూపించే బంగారు రంగు బాణం ఒకటి తయారు చేయించి పెట్టుకున్నాడు. అది మేకపిల్ల తల మీద వేలాడుతూ అడుగడుగునా దారి చూపిస్తుంది. మేస్త్రి దాన్ని చూసిన రోజున అన్నం తినలేదు. బాణం ఉంటే ఇక గదుల్ని చూసేదెవరు? అందరూ బాణం తోకనే చూస్తారు. పదకొండు నెలలు కడుపులో పెట్టుకుని కట్టిన మిల్లు కాస్తా ఆ బాణం వెనక గోడ రంగులా మిగిలిపోతుంది.

కొత్త ఆటల ప్రదర్శన ఒకటి ఉంది, దానికి ఆటను ఆ రోజు సాయంత్రం అయిదింటికల్లా పంపాలి. పొద్దున ఇద్దరు ఆటగాళ్లు వచ్చి అవలీలగా ఆడేసి వెళ్లారు. మేస్త్రి ఎగిరి గంతేసింది. యజమాని మాత్రం పెదవి విరిచాడు. వాళ్లు ఇలాంటివి యాభై ఆడినవాళ్లు, వాళ్లకి దారి తెలియడం గొప్పా అన్నాడు. ఒక్కటి కూడా ఆడని మనిషి కావాలి. మిల్లు మొదటి హాల్లో అందనంత ఎత్తున ఒక గంట ఉంటుంది, ఆ మనిషి మేకపిల్లని దాని దాకా తీసుకెళ్లాలి. మధ్యలో ఎక్కడైనా మూడు నిమిషాలు కొత్త గదీ కొత్త పనీ లేకుండా తిరిగితే చాలు, బాణం పెట్టేస్తాడు. మేస్త్రి సై అంది. కోపంలో ఉంది మరి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మేస్త్రి పెద్దమ్మ వచ్చింది. చేతిలో క్యారేజీ, ముఖం నిండా చెమట. ఇదే అంతస్తు అనుకుని పైఅంతస్తు ఎక్కి, పళ్ల డాక్టరు దగ్గర పావుగంట కూర్చుని, నర్సు వచ్చి పేరు అడిగాక గానీ తెలుసుకోలేదట.

ఆఫీసంతా నవ్వులే. మేస్త్రికి మాత్రం గుండెల్లో రాయి పడింది. పెద్దమ్మ దారి తప్పడం వాళ్లింట్లో పేరుమోసిన సంగతి. బట్టల షాపులో ట్రయల్ రూములోంచి బయటికొచ్చి గోడౌన్లోకి నడిచిన మనిషి. ఏ పెళ్లికి వెళ్లినా కాళ్లు కడుక్కోవడానికని వెళ్లి వేరేవాళ్ల బంతిలో కూర్చునేది. పిల్లలందరూ ఆ కథలు చెప్పుకుని పొర్లి పొర్లి నవ్వేవాళ్లు, మేస్త్రి అందరికంటే ఎక్కువ.

యజమాని కళ్లు మెరిశాయి. ఆమెకి దండం పెట్టి, ఎప్పుడైనా వీడియో గేమ్ ఆడారా అమ్మా అని అడిగాడు. పెద్దమ్మ ఆడలేదంది. ఆయన స్వయంగా కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

మేస్త్రి నోటి నిండా నీళ్లు పట్టింది.

నడవడం, గెంతడం నేర్చుకోవడానికి పెద్దమ్మకి అయిదు నిమిషాలు పట్టింది. మేకపిల్ల గెంతినప్పుడల్లా తనూ కుర్చీలో లేచేది. పెద్ద హాల్లోకి రాగానే ఎత్తున ఒక అరుగు మీద ఇత్తడి గంట కనిపించింది. గెంతింది. సగానికి కూడా అందలేదు. నాలుగుసార్లు గెంతి ఆపేసింది. మేస్త్రి లోపల్లోపల చంకలు గుద్దుకుంది. ఆ అరుగుని కావాలనే అంత ఎత్తున పెట్టింది. కొంచెం తక్కువ ఎత్తున పెడితే ఇంకాస్తలో అందేలా ఉందే అని మనిషి గంటసేపు గెంతుతాడు. అందనిది అందదని చూడగానే తెలియాలి.

"దీనికింకా వయసు రాలేదులే. పెద్దయ్యాక ఎక్కుతుంది," అంది పెద్దమ్మ. ఆ మీట నొక్కీ ఈ మీట నొక్కీ పటం తెరిచింది. తిరిగిన గదులు అందులో వాటంతటవే గీసి ఉన్నాయి. పక్కన గుర్తులు పెట్టుకోవడానికి చేప, చుక్క, పువ్వు బొమ్మలున్నాయి. పెద్దమ్మ గంట దగ్గర ఒక పువ్వు పెట్టింది.

హాలు కుడి చివర ఒక తలుపు ఉంది, గడియ అవతలివైపు. తోసి చూసి, దాని పక్కనున్న దారిలో ముందుకెళ్లింది. ఎర్రటి బాయిలర్ గది దాటింది. దాని చివర నేల విరిగి మేకపిల్ల ధబ్బున నీలం తొట్టెల గదిలో పడింది. పైకి వెళ్లే దారి లేదు. యజమాని ముందుకి వంగాడు. ఇక్కడ మేస్త్రికి బెంగ లేదు. ఆ గోతిలో వెతకడానికి ఉన్నవి మూడే మూలలు, ఒక మూలలో స్ప్రింగు గిట్టలు ఉంటాయి. అవి తొడుక్కుంటే గాల్లో రెండోసారి గెంతవచ్చు, ఆ రెండో గెంతు వస్తే తప్ప బయటపడలేం. అంటే విద్య నేర్చుకున్నాకే గొయ్యి వదులుతుంది.

పెద్దమ్మ గిట్టలు తొడిగింది. గెంతింది, గాల్లో మళ్లీ గెంతింది. పకపకా నవ్వింది. పనేమీ లేకపోయినా ఇరవైసార్లు గెంతింది. ఆఫీసులో అందరూ బల్లల దగ్గర నుంచి లేచొచ్చి ఆమె వెనక నిలబడ్డారు. అలా గెంతుతూ నిలువు సొరంగం ఎక్కి, పైన గడియ తీసింది. అది ఇందాక తోసి చూసిన హాలు తలుపే. తిరుగు దారి వచ్చిన దారంత పొడుగు ఉండకూడదని మేస్త్రి పెట్టిన అడ్డదారి అది. మేకపిల్ల మళ్లీ పెద్ద హాల్లో ఉంది. పది అడుగులు ఎడమకి నడిచి రెండు గెంతులు వేస్తే గంట.

పెద్దమ్మ కుడికి తిరిగింది.

పెద్దమ్మ మళ్లీ బాయిలర్ గదిలోకి వెళ్లి, పైపుల మీదికి ఎక్కి దిగి, ఎక్కి దిగి తిరుగుతోంది. యజమాని గడియారం నొక్కాడు. ఒక నిమిషం. బుగ్గల్లో నీళ్లు వెచ్చబడ్డాయి. ఎడమకి వెళ్లు పెద్దమ్మా, ఎడమకి అని గొంతులో కేక కదులుతోంది. ఒకటిన్నర. ఎందుకు గుర్తుపట్టలేదు? అదే హాలు, అదే గంట.

అప్పుడు తట్టింది. గది కట్టే సాఫ్ట్‌వేరులో ఏ గది తెరిచినా మేకపిల్ల ఎడమ తలుపు దగ్గరే పుడుతుంది. పదకొండు నెలల్లో ఆ హాల్లోకి మేస్త్రి కొన్ని వేలసార్లు అడుగుపెట్టి ఉంటుంది, ప్రతిసారీ ఎడమ నుంచే. పొద్దున వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ పటం చూసుకుంటూ నడిచారు. కుడి తలుపులోంచి చూస్తే తెర మీద గంట లేదు, అరుగు లేదు, ఒట్టి ఇటుక గోడ మాత్రమే ఉంది. వెళ్లేవాళ్ల కోసం కట్టింది, వచ్చేవాళ్ల కోసం కట్టలేదు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

రెండు నిమిషాల పదిహేను. యజమాని చెయ్యి బాణం వేసే మీట వైపు వెళ్లింది.

పెద్దమ్మ మేకపిల్లని ఆపింది. పటం తెరిచింది. కళ్లద్దాలు సర్దుకుంది. "నా పువ్వేదీ? ఇదిగో. ఈ పక్క గదిలోనే ఉంది కదా, మరి నాకెందుకు కనబడలేదు?" అంటూ వెనక్కి వచ్చింది. హాల్లో ఎడమకి నడిచింది. గంట కనిపించింది. గెంతి, గాల్లో మళ్లీ గెంతి, మేకపిల్ల కొమ్ములతో దాన్ని టంగుమని మోగించింది.

మేస్త్రికి నవ్వు ఆగలేదు. నోట్లో నీళ్లన్నీ యజమాని చొక్కా మీదే పడ్డాయి.

ఆయన చొక్కా చూసుకున్నాడు, గడియారం చూసుకున్నాడు. పది సెకన్లు మిగిలాయి. బాణం తీసేయమని ప్రోగ్రామర్‌కి చెప్పి తుడుచుకోవడానికి వెళ్లాడు. ఆఫీసంతా చప్పట్లు. మేస్త్రి పెద్దమ్మని కౌగిలించుకుని ఊపేసింది.

తర్వాత కూర్చుని, గంటకి ఒక పొడుగాటి ఎర్ర తాడు కట్టింది. అది అరుగు మీద నుంచి హాలు కప్పు వెంబడి సాగి కుడి తలుపు ముందు వేలాడేలా చేసింది. ఇప్పుడు ఆ తలుపులోంచి రాగానే మొదట కనిపించేది తాడే, కళ్లు దాని వెంట గంట దాకా వెళ్లిపోతాయి. అరగంట పని. ఈసారి మేకపిల్లని కుడి తలుపు దగ్గర పుట్టించి మరీ చూసుకుంది. ఆ తర్వాత మిగతా గదులన్నీ అలాగే వెనక నుంచి నడిచింది. మరో రెండుచోట్ల తనే దారి తప్పింది. అవీ సరిచేసి, అయిదుకి పది నిమిషాలుండగా ఆట పంపేసింది.

ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చారు. పెద్దమ్మ ఆగి అటూ ఇటూ చూసింది. మేస్త్రి నోరు తెరవబోయి, ఆమె నిలబడ్డ చోటే నిలబడి, ఆమె చూస్తున్నట్టే చూసింది. ఎక్కి వచ్చేటప్పుడు కనిపించే బోర్డులు, అంకెలు అన్నీ తలుపులకి అవతలివైపే ఉన్నాయి. దిగేవాళ్లకి మూడు ఒకేలాంటి బూడిదరంగు తలుపులు తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్లు నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి ఆమెకి కళ్లు చెమర్చాయి.

"పెద్దమ్మా, తప్పు నీది కాదు. వెళ్లేటప్పుడు చూసిన చోటు, వచ్చేటప్పుడు వేరే చోటే."

"నలభై ఏళ్లుగా నేను చెప్పేది అదే కదే. ఎవరు విన్నారు?" అంది పెద్దమ్మ.

మేస్త్రి సంచిలోంచి పసుపు చీటీ తీసి, దాని మీద ఒక పువ్వు గీసి, మెట్ల తలుపు మీద లోపలివైపున, దిగేవాళ్లకి కనిపించేలా అంటించింది.